143(1) నోటీసు వచ్చింది: అందులో ఏ అంకె ఏం చెబుతోంది?

జీతం మీద బతికేవాళ్లలో చాలామందికి ఆదాయపు పన్ను శాఖతో ఏడాదికి ఒకటే పని, జూలైలో రిటర్ను వేయడం. వేశాక దాని సంగతి మర్చిపోతారు. మూడు నాలుగు నెలల తర్వాత ఓ సాయంత్రం ఫోనుకి మెసేజ్ వస్తుంది, మెయిల్‌లో పాస్‌వర్డ్ అడిగే ఒక పీడీఎఫ్ ఉంటుంది. తెరిస్తే పై నుంచి కింద దాకా ఇంగ్లిషు, ఎటు చూసినా సెక్షన్ నంబర్లు, చివర్లో కట్టాల్సిన మొత్తం. కళ్లు తిన్నగా ఆ మొత్తం మీదికే పోతాయి. టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

నిజానికి ఆ మొత్తం అన్నిటికంటే చివర చూడాల్సిన అంకె. అంతకంటే ముందు ఈ కాగితం ఏ జాతిదో తెలియాలి, అందులో రాసిన గడువు దేనికి గడువో తెలియాలి, రెండు నిలువు వరసల పట్టికలో తేడా ఎక్కడ పుట్టిందో తెలియాలి. ఈ మూడూ తెలిశాక ఆ మొత్తం న్యాయమైనదో కాదో దానంతట అదే బయటపడుతుంది. అందరికీ ఎక్కువగా వచ్చేది బెంగళూరులోని సీపీసీ నుంచి వచ్చే 143(1) ఇంటిమేషన్ కాబట్టి దాన్నే పట్టుకుని చూద్దాం.

## కంప్యూటర్ రాసిందంటే అర్థం ఏమిటి

సీపీసీ అంటే కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం. మనం ఆన్‌లైన్‌లో వేసిన రిటర్ను అక్కడి కంప్యూటర్ల దగ్గరకు వెళుతుంది. మనం రాసిన అంకెలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా, మన పాన్ మీద శాఖ దగ్గర ఇప్పటికే ఉన్న సమాచారంతో సరిపోతున్నాయా అని ఆ కంప్యూటర్ పోల్చి చూస్తుంది. ఆ పోలిక ఫలితాన్ని తెలియజేసే కాగితమే 143(1) ఇంటిమేషన్. ‘తెలియజేత’ అనే మామూలు మాటే అది. అంతా సరిపోయినా వస్తుంది, రీఫండ్ ఇస్తున్నప్పుడు కూడా వస్తుంది. కాబట్టి మెయిల్ సబ్జెక్టులో 143(1) కనిపించగానే ఏదో కేసు పెట్టారని అనుకోవక్కర్లేదు.

ఇందులో ఏ అధికారీ మన కాగితాలు తిరగేయలేదు, మన మీద అనుమానపడలేదు. అధికారి పూనుకుని పరిశీలించే స్క్రూటినీ వేరు, దానికి 143(2) నోటీసు వస్తుంది. బ్రాకెట్‌లో 1, 2 అనే చిన్న తేడాయే గానీ పరిస్థితి పూర్తిగా వేరు.

పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ మన పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, దాని వెంటనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో. తెరిచాక పై భాగంలో డీఐఎన్ అనే పొడవాటి నంబరు ఉంటుంది. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే ఉత్తరాలకు ఈ నంబరు ఉండాలన్న నియమం ఉంది. పన్ను నోటీసుల పేరుతో దొంగ మెయిళ్లు కూడా తిరుగుతున్నాయి కాబట్టి ఇది పనికొస్తుంది. ఆదాయపు పన్ను పోర్టల్ మొదటి పేజీలో Authenticate Notice/Order Issued by ITD అనే చోట ఈ నంబరు వేస్తే అది నిజంగా శాఖ పంపిందో కాదో చెప్పేస్తుంది. అసలైన ఇంటిమేషన్ మన లాగిన్‌లో కూడా కనిపిస్తుంది. మెయిల్‌లో మాత్రమే ఉండి లాగిన్‌లో లేకపోతే అనుమానించాల్సిందే.

ఆ పక్కనే అసెస్‌మెంట్ ఇయర్ ఉంటుంది. కొత్తవాళ్లు ఇక్కడ తడబడతారు. 2024-25 అని ఉంటే ఆ ఏడాది సంపాదన గురించి కాదు, అంతకు ముందు ఏడాది అంటే 2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా సంపాదించిన దాని గురించి. ఇది గమనించక తప్పు ఏడాది ఫారం 16 ముందేసుకుని గంటలకొద్దీ లెక్కలు వేసినవాళ్లున్నారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కావడంతో ఇక ముందు సంపాదనకు ‘ట్యాక్స్ ఇయర్’ అనే ఒకే మాట ఉంటుంది, సెక్షన్ నంబర్లూ మారతాయి. కానీ 2026 మార్చి దాకా సంపాదించిన ఆదాయానికి పాత 1961 చట్టమే వర్తిస్తుంది. ఆ ఏళ్ల నోటీసుల్లో 143(1) అనే నంబరే కనిపిస్తుంది.

## సెక్షన్ నంబరు: కాగితం ఏ జాతిది

నోటీసు శీర్షికలో ‘u/s’ అని ఉంటుంది. ‘ఈ సెక్షన్ కింద’ అని దాని అర్థం. ఆ తర్వాత వచ్చే నంబరే కాగితానికి కులగోత్రాలు. డబ్బు అడుగుతోందా, జవాబు అడుగుతోందా, ఊరికే చెబుతోందా అనేది ఆ నంబరును బట్టే ఉంటుంది.

139(9) అని ఉంటే మనం వేసిన రిటర్నులో ఏదో లోపం ఉందని అర్థం. ఇందులో డబ్బు మాట ఉండదు. 15 రోజుల్లో సరిచేయమంటుంది. పట్టించుకోకపోతే అసలు రిటర్నే వేయనట్టు లెక్కగడతారు. చూడటానికి మెత్తగా ఉన్నా ఇదే ఎక్కువ ప్రమాదకరం.

143(1)(a) అని చిన్న ‘ఎ’తో సహా ఉంటే, సీపీసీ మన ఆదాయంలో ఒక మార్పు చేయాలనుకుంటోంది, ఇంకా చేయలేదు. ఉదాహరణకు ఒక మినహాయింపు ఒక పేజీలో లక్ష అని, మరో పేజీలో లక్షన్నర అని రాసి ఉంటాం. దాన్ని లక్షకు తగ్గించబోతున్నాం, మీరేమంటారు అని అడుగుతుంది.

ఆ ‘ఎ’ లేకుండా ఒట్టి 143(1) అని ఉంటే పోలిక అయిపోయింది, ఇది ఫలితం. అందులో కట్టాల్సింది ఏమైనా తేలితే ఆ ఇంటిమేషనే 156 సెక్షన్ కింద డిమాండ్ నోటీసుగా కూడా పనిచేస్తుంది. అందుకే ఒకే కాగితం మీద రెండు సెక్షన్లు కనిపించి, రెండు నోటీసులు వచ్చాయేమోనని కొందరు కంగారు పడతారు.

245 అని ఉంటే పాత ఏడాది బాకీ ఒకటి మన పేరు మీద ఉందని, ఈ ఏడాది రావాల్సిన రీఫండ్ నుంచి దాన్ని మినహాయించుకోబోతున్నారని అర్థం. ఇక్కడ చూడాల్సింది ఈ ఏడాది లెక్క కాదు, ఆ పాత ఏడాది డిమాండ్ నిజమా కాదా అన్నది. 154 అంటే సవరణ. ఇంతకు ముందు వచ్చిన ఇంటిమేషన్‌ని సరిదిద్ది మళ్లీ ఇచ్చారన్నమాట.

## ముప్పై రోజులు అంటే ఏ ముప్పై రోజులు

ఇదే నోటీసులో అందరినీ తప్పుదారి పట్టించే భాగం. 143(1)(a)లోనూ 30 రోజులు ఉంటాయి, 143(1)లోనూ ఉంటాయి. అంకె ఒకటే, పని వేరు.

143(1)(a)లో 30 రోజులు జవాబు చెప్పడానికి. పోర్టల్‌లో e-Proceedings కింద ఒప్పుకుంటున్నామో లేదో చెప్పాలి. చెప్పకపోతే వాళ్లు అనుకున్న మార్పు చేసేసి 143(1) పంపుతారు. అంటే మౌనం అంగీకారం కింద లెక్క.

143(1)లో 30 రోజులు డబ్బు కట్టడానికి. నోటీసు మనకు అందిన రోజు నుంచి ఈ లెక్క. గడువు దాటిన మర్నాటి నుంచి 220(2) సెక్షన్ కింద నెలకు 1 శాతం వడ్డీ మొదలవుతుంది. నెలలో కొన్ని రోజులైనా నెల కిందే లెక్కగడతారు. పోర్టల్‌లో ఈ వడ్డీ అసలు డిమాండ్ పక్కన విడిగా పెరుగుతూ కనిపిస్తుంది.

అదే కాగితం వెనక ఇంకో రెండు గడియారాలు కూడా నడుస్తుంటాయి. కమిషనర్ దగ్గర అప్పీలు వేయాలంటే అదీ 30 రోజుల్లోనే. కానీ పైకి కనిపించే పొరపాటును సరిదిద్దమని 154 కింద అడగడానికి మాత్రం, ఇంటిమేషన్ వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి నాలుగేళ్లు ఉంది. 2024 నవంబరులో ఇంటిమేషన్ వస్తే 2029 మార్చి 31 దాకా అన్నమాట.

నాలుగేళ్లుందని నిదానించడంలో ఒక చిక్కు ఉంది. సవరణకు అడిగినంత మాత్రాన కట్టే గడువు ఆగదు. సవరణలో డిమాండ్ తగ్గితే దానికి తగ్గట్టు 220(2) వడ్డీ కూడా తగ్గుతుంది, పూర్తిగా పోతే వడ్డీ కూడా పోతుంది. ఒకవేళ డిమాండే నిజమని తేలితే ఆగిన నెలలన్నిటికీ వడ్డీ పడుతుంది.

రోజుల లెక్కలో ఇంకో సంగతి. మెయిల్ మనం తెరిచిన రోజు కాదు, అది మనకు చేరిన రోజే ముఖ్యం. రిటర్ను వేసేటప్పుడు ఆడిటర్ గారు తన మెయిల్ ఐడీయే ఇచ్చి ఉంటే ఆ మెయిల్ మనదాకా రాదు. పాత ఉద్యోగంలో వాడిన ఐడీ ఇచ్చినవాళ్లదీ ఇదే పరిస్థితి. మొదటిసారి తెరిచేసరికి గడువు ముగిసిపోయి ఉన్న సందర్భాల్లో చాలావాటికి కారణం ఇంతే.

## పట్టిక: తేడా ఎక్కడ పుట్టింది

ఇంటిమేషన్‌కి అసలు గుండెకాయ పట్టిక. ఎడమ నిలువు వరసకు As provided by taxpayer in Return of Income అని పేరు. మనం రిటర్నులో రాసినవి అవి. కుడి నిలువు వరస As computed under section 143(1), సీపీసీ వేసిన లెక్క. పై నుంచి కిందకు వెళుతూ ఆదాయం, మినహాయింపులు, పన్ను, సెస్సు, వడ్డీలు, ఆ తర్వాత ఇప్పటికే కట్టిన పన్ను, చివరకు మిగిలింది అనే క్రమంలో వరసలుంటాయి.

రెండు అంకెలూ మొదటిసారి ఎక్కడ విడిపోయాయో అక్కడ కారణం ఉంటుంది, దాని కింద ఉన్న తేడాలన్నీ ఆ ఒక్కదాని పిల్లలు. ఇందులో ఒక మెలిక ఉంది. పట్టికలో వడ్డీ వరసలు టీడీఎస్ వరసల కంటే పైన ఉంటాయి. అందువల్ల పై నుంచి చదువుతుంటే చాలాసార్లు మొదట కనిపించే తేడా వడ్డీది అవుతుంది, ‘వడ్డీ ఎందుకు వేశారు’ అని మనం అక్కడే ఆగిపోతాం. వడ్డీ ఎప్పుడూ ఫలితమే తప్ప కారణం కాదు. దాన్ని వదిలేసి మిగతా వరసల్లో తేడా వెతకాలి.

ఒక కేసు తీసుకుందాం. పేరు ఊరికే సౌజన్య అనుకుందాం, విజయవాడలో ఉద్యోగం. 2023 అక్టోబరులో ఒక కంపెనీ మానేసి ఇంకో దాంట్లో చేరింది. ఏడాది మొత్తం జీతం రూ.10,50,000. కొత్త పన్ను విధానం, స్టాండర్డ్ డిడక్షన్ రూ.50,000 పోగా పన్ను పడే ఆదాయం రూ.10,00,000. ఆ ఏడాది స్లాబుల ప్రకారం మొదటి మూడు లక్షలకు ఏమీ లేదు. తర్వాతి మూడు లక్షలకు 5 శాతం చొప్పున రూ.15,000, ఆపై మూడు లక్షలకు 10 శాతం చొప్పున రూ.30,000, మిగిలిన లక్షకు 15 శాతం చొప్పున రూ.15,000. మొత్తం రూ.60,000. దాని మీద 4 శాతం సెస్సు రూ.2,400 కలిపితే రూ.62,400.

మొదటి కంపెనీ ఆమె జీతంలో కోసిన టీడీఎస్ రూ.26,400. రెండోది కోసింది రూ.36,000. రెండూ కలిపితే సరిగ్గా రూ.62,400. కట్టాల్సిందీ లేదు, రావాల్సిందీ లేదు అనుకుని 2024 జూలై 20న రిటర్ను వేసేసింది. నవంబరు 18న ఇంటిమేషన్ వచ్చింది, రూ.29,840 కట్టమని. అందులోని ముఖ్యమైన వరసలు ఇవి.

| వరస | సౌజన్య రాసింది | సీపీసీ లెక్క |
|---|---|---|
| పన్ను పడే ఆదాయం | 10,00,000 | 10,00,000 |
| పన్ను, సెస్సుతో కలిపి | 62,400 | 62,400 |
| 234A వడ్డీ | 0 | 0 |
| 234B వడ్డీ | 0 | 2,112 |
| 234C వడ్డీ | 0 | 1,329 |
| 234F ఆలస్య రుసుము | 0 | 0 |
| టీడీఎస్ | 62,400 | 36,000 |
| కట్టాల్సింది | 0 | 29,840 |

ఆదాయం వరసలో తేడా లేదు. అంటే ఆమె ఏదీ దాచిందని ఎవరూ అనడం లేదు. పన్ను వరసలోనూ తేడా లేదు. వడ్డీలు వదిలేస్తే తేడా అంతా టీడీఎస్ వరసలోనే ఉంది. 62,400లో నుంచి 36,000 తీసేస్తే 26,400. ఈ అంకె ఎక్కడో చూసినట్టు లేదూ? మొదటి కంపెనీ కోసింది సరిగ్గా అంతే. తేడా మొత్తాన్ని మన కాగితాల్లోని అంకెలతో పోల్చి చూస్తే చాలాసార్లు దొంగ ఇలా దొరికిపోతాడు.

మన పాన్ మీద శాఖ దగ్గర నమోదైన పన్నుల జాబితాను ఫారం 26ఏఎస్ అంటారు. ఆమె దాన్ని తెరిచి చూస్తే రెండో కంపెనీ ఉంది, మొదటిది లేదు. మూడు నెలలకోసారి శాఖకు పంపే టీడీఎస్ లెక్కల్లో ఆ కంపెనీ అకౌంట్స్ వాళ్లు ఆమె పాన్‌లో ఒక అంకె తప్పు కొట్టారు. డబ్బు ప్రభుత్వానికి చేరింది, ఆమె పేరున చేరలేదు. కంప్యూటర్ చూసేది 26ఏఎస్‌ని. చేతిలో ఉన్న ఫారం 16, జీతం స్లిప్పులు దానికి కనిపించవు. ఆమె నిజాయితీగా రాసుకున్న మొదటి కంపెనీ జీతం ఆదాయంలో కలిసింది, ఆ జీతం మీద కోసిన పన్ను మాత్రం లెక్కలోకి రాలేదు.

తేడా టీడీఎస్ దగ్గర కాకుండా ఆదాయం వరసల్లో ఉంటే కథ వేరుగా ఉంటుంది. ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తున్నది, గడువు దాటాక పాత విధానంలో రిటర్ను వేసినవాళ్లది. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి కొత్త విధానమే అసలు విధానం. పాతది కావాలంటే గడువులోపే రిటర్ను వేసి ఎంచుకోవాలి. గడువు దాటాక వేసినవాళ్లకు సీపీసీ కొత్త విధానం లెక్కే వేస్తుంది. అలాంటప్పుడు 80సి లాంటి మినహాయింపుల వరసలు కుడివైపు సున్నా అయిపోతాయి, కింద పన్ను పెరుగుతుంది. ఇది కంప్యూటర్ పొరపాటు కాదు, సవరణ అడిగినా లాభం ఉండదు.

## ఆ వడ్డీలు ఎలా వచ్చాయి

234 అనే నంబరు పక్కన నాలుగు అక్షరాలు కనిపిస్తాయి. A రిటర్ను ఆలస్యంగా వేసినందుకు వడ్డీ, F అదే తప్పుకి రుసుము. ఐదు లక్షల లోపు ఆదాయానికి రూ.1,000, దాటితే రూ.5,000. సౌజన్య సమయానికే వేసింది కాబట్టి రెండూ సున్నా. B, C అనేవి ముందస్తు పన్నుకు సంబంధించినవి. టీడీఎస్ పోగా ఏడాదికి రూ.10,000 లేదా ఆపైన కట్టాల్సి ఉంటే ఆ ఏడాదిలోనే వాయిదాల్లో కట్టాలన్నది నియమం. సౌజన్యకు అలాంటి అవసరమే లేదు. కానీ 26,400 టీడీఎస్ మాయమయ్యేసరికి, ఆమె 26,400 ముందస్తు పన్ను ఎగ్గొట్టినట్టు కంప్యూటర్‌కి కనిపించింది.

234B లెక్క తేలిక. ఆర్థిక సంవత్సరం ముగిసిన మర్నాడు, అంటే 2024 ఏప్రిల్ 1 నుంచి, ఇంటిమేషన్ వచ్చిన నవంబరు దాకా ఎనిమిది నెలలు. నెలకు 1 శాతం చొప్పున 26,400 మీద 8 శాతం, రూ.2,112.

234Cలో ఏడాది మధ్య వాయిదాలు తప్పినందుకు వడ్డీ ఉంటుంది. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబరు 15కి 45 శాతం, డిసెంబరు 15కి 75 శాతం, మార్చి 15కి మొత్తం కట్టి ఉండాలి. మొదటి మూడింటికీ మూడేసి నెలల వడ్డీ, చివరిదానికి ఒక నెల. 26,400లో 15 శాతం 3,960. వడ్డీ వేసేటప్పుడు వందలోపు చిల్లర వదిలేస్తారు కాబట్టి 3,900 మీద 3 శాతం రూ.117. అలాగే 11,880కి 11,800 మీద రూ.354, 19,800 మీద రూ.594, చివర 26,400 మీద 1 శాతం రూ.264. కలిపితే రూ.1,329.

26,400, 2,112, 1,329 కలిపితే 29,841. దాన్ని దగ్గరి పదికి సరిచేస్తే రూ.29,840. నోటీసులో ఉన్నది అదే. అంటే కూడికలు, హెచ్చవేతలు అన్నీ కరెక్టే. లెక్క కరెక్టు, డిమాండ్ తప్పు. కంప్యూటర్ నోటీసుల్లో ఇది సర్వసాధారణం. ‘కంప్యూటర్ లెక్క తప్పవుతుందా’ అని కట్టేసేవాళ్లు ఈ తేడాను చూడరు. దాని లెక్క తప్పదు, దానికి అందిన సమాచారం తప్పి ఉండొచ్చు.

## కంపెనీ డబ్బే కట్టకపోతే

సౌజన్య కేసులో డబ్బు ప్రభుత్వానికి చేరింది కాబట్టి గొడవ చిన్నది. జీతంలో కోసి, ప్రభుత్వానికి కట్టకుండా కంపెనీ మూతబడిందనుకోండి. అప్పుడు రెండు వాదాలు నిలబడతాయి.

శాఖ వైపు వాదన 199 సెక్షన్ మీద ఆధారపడుతుంది. కోసిన పన్ను ప్రభుత్వానికి చేరితేనే దాని క్రెడిట్ ఇవ్వాలి, చేరని డబ్బుకు క్రెడిట్ ఎలా ఇస్తాం అన్నది. ఇందులో తర్కం లేకపోలేదు. అలా ఇస్తే దొంగ ఫారం 16లు పుట్టించి రీఫండ్లు తీసుకునేవాళ్లకు తలుపు తెరిచినట్టే.

ఉద్యోగి వైపు 205 సెక్షన్ ఉంది. పన్ను ఒకసారి కోసేశాక ఆ మేరకు మళ్లీ ఆ మనిషినే కట్టమని అడగకూడదు. జీతం చేతికి రాకముందే కోసిన డబ్బు మీద అతనికి ఏ అధికారమూ లేదు, కట్టని కంపెనీ నుంచి వసూలు చేసే అధికారం శాఖకే ఉంది. ఇలాంటి డిమాండ్లను ఉద్యోగుల మీద రుద్దవద్దని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లో, మళ్లీ 2016లో తన అధికారులకు రాసింది. గుజరాత్, ఢిల్లీ హైకోర్టులు కూడా ఉద్యోగుల పక్షానే తీర్పులిచ్చాయి. అయినా నోటీసులు వస్తూనే ఉన్నాయి, ఎందుకంటే సీపీసీ కంప్యూటర్ చూసేది 26ఏఎస్‌నే. ఇలాంటి కేసులు చివరకు స్థానిక అసెసింగ్ అధికారి దగ్గర తేలాల్సిందే. అక్కడ జీతం స్లిప్పులు, బ్యాంకులో పడిన నికర జీతం సాక్ష్యాలు.

చట్టం అర్థమే వివాదంలో ఉన్న సందర్భాలు కూడా ఉన్నాయి. షేర్లు అమ్మి స్వల్పకాల లాభం పొందిన చిన్న ఆదాయంవాళ్లకు ఆ లాభం మీది పన్నుకు 87ఎ రిబేటు ఇవ్వాలా వద్దా అన్నది అలాంటిదే. 2024 జూలై 5న శాఖ రిటర్ను సాఫ్ట్‌వేర్‌ని మార్చి ఆ రిబేటు రాకుండా చేసింది. 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు ఆ మార్పు చెల్లదంది. మధ్యలో అప్పటికే రిబేటు పొందినవాళ్ల దగ్గర దాన్ని వెనక్కి అడుగుతూ డిమాండ్లు వెళ్లాయి. 2025 సెప్టెంబరులో బోర్డు ఒక సర్క్యులర్ ఇస్తూ, ఆ డిమాండ్లను ఆ ఏడాది డిసెంబరు 31లోపు కడితే 220(2) వడ్డీ వదిలేస్తామంది. అసలు పన్ను మాత్రం వదలలేదు. ఇలాంటి నోటీసులో పట్టిక చూస్తే తేడా రిబేటు వరసలో కనిపిస్తుంది. అక్కడ మన కాగితాల్లో వెతికినా తప్పు దొరకదు.

## పోర్టల్‌లో రెండు బటన్లు

డిమాండ్ వచ్చాక లాగిన్‌లో Response to Outstanding Demand అనే చోట అది కనిపిస్తుంది. అక్కడ Demand is correct, Disagree with demand అని రెండు దారులుంటాయి. మొదటిది నొక్కితే తర్వాత మాట మార్చుకోవడం కుదరదు. డబ్బు కట్టాలన్న తొందరలో దీన్ని నొక్కేసి, తర్వాత 26ఏఎస్ చూసుకుని నాలుక కరుచుకున్నవాళ్లున్నారు. రెండోది నొక్కితే కారణం అడుగుతుంది. డిమాండ్‌లో కొంత నిజం, కొంత తప్పు అయితే ఆ మేరకే కాదనే వీలూ ఉంది.

నిజంగా కట్టాల్సిందే అయితే కట్టే చోట ఒక చిన్న గొయ్యి ఉంది. రిటర్ను వేసేముందు కట్టే పన్నుకు కోడ్ 300, డిమాండ్‌కు కోడ్ 400. పోర్టల్‌లో Demand Payment as Regular Assessment Tax (400) అనే పేరుతో ఉంటుంది. అలవాటు కొద్దీ 300 కింద కడితే డబ్బు ఖాతాలో కనిపిస్తుంది, డిమాండ్ మాత్రం కదలకుండా అలాగే ఉండిపోతుంది, పైన వడ్డీ పెరుగుతుంది. మరుసటి ఏడాది రీఫండ్ రావాల్సినప్పుడు 245 నోటీసు రూపంలో అది మళ్లీ పలకరిస్తుంది.

సౌజన్య కాదన్న దారే పట్టింది. కారణంగా టీడీఎస్ తేడా చూపి, మొదటి కంపెనీకి ఫారం 16, 26ఏఎస్ రెండూ పంపింది. వాళ్లు తప్పు పాన్ దిద్ది సవరణ లెక్కలు పంపడానికి ఐదు వారాలు పట్టింది. ఈలోగా 30 రోజుల గడువు డిసెంబరు 18న దాటిపోయింది, పోర్టల్‌లో 29,800 మీద నెలకు రూ.298 వడ్డీ పక్కన కనబడటం మొదలైంది. దాన్ని చూసి కంగారు పడి ముందు కట్టేద్దామా అని కూడా అనుకుంది. కట్టి ఉంటే ఆ డబ్బు తర్వాత రీఫండ్‌గా తిరిగొచ్చేదే గానీ, దానికి ఇంకో తిరుగుడు తప్పేది కాదు.

26ఏఎస్‌లో మొదటి కంపెనీ పేరు, పక్కన 26,400 కనిపించాకే ఆమె రెక్టిఫికేషన్‌కి, అంటే 154 కింద సవరణకు వెళ్లింది. అంతకు ముందు వెళ్లి ఉంటే కంప్యూటర్ మళ్లీ అదే 26ఏఎస్‌తో పోల్చి, మళ్లీ అదే డిమాండ్ ఇచ్చేది. Reprocess the return అనే దాన్ని ఎంచుకుంది, ఎందుకంటే ఆమె రిటర్నులో మార్చాల్సింది ఏమీ లేదు. కొన్ని వారాలకు ఇంకో పీడీఎఫ్ వచ్చింది. ఈసారి శీర్షికలో 154. టీడీఎస్ వరసలో రెండు వైపులా 62,400. 234B, 234C వరసల్లో ఎవరూ చేయిపెట్టకుండానే సున్నాలు. పోర్టల్‌లో పెరుగుతూ వచ్చిన ఆ వడ్డీ కూడా లేదు.